ఇంటర్వ్యూ బోస్టన్‌ వాళ్లది, రిక్రూటర్‌ డబ్లిన్‌లో, మీరు హైదరాబాద్‌లో: టైములు ఎలా రాసి పంపాలి?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో టెస్టింగ్‌ ఇంజనీర్‌ని. బోస్టన్‌లో ఉన్న ఒక కంపెనీకి అప్లై చేశాను. వాళ్ల రిక్రూటర్‌ మాత్రం డబ్లిన్‌లో ఉంటుంది. ‘2026 అక్టోబర్‌ 26 వారంలో గానీ నవంబర్‌ 2 వారంలో గానీ గంటసేపు వీడియో ఇంటర్వ్యూ ఉంటుంది, మీకు వీలైన టైములు కొన్ని పంపండి’ అని మెయిల్‌ పెట్టింది. నాకు ఆఫీసు పదింటి నుంచి ఏడింటి దాకా, గురువారం మాత్రం ఇంటి నుంచే పని. ‘ఎప్పుడైనా ఓకే అని రాసెయ్‌, ఇంట్రెస్ట్‌ ఉన్నట్టు కనిపిస్తుంది’ అంటాడు అన్నయ్య. ఎవరి టైములో రాయాలో, ఎన్ని రాయాలో తేలక టెన్షన్‌గా ఉంది. అక్టోబర్‌ 22 గురువారం లోపు జవాబివ్వాలి.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్‌

జవాబు: మీ అన్నయ్య మంచి మనసుతోనే చెప్పారు కానీ, ఆ మాట వినకండి. రిక్రూటర్‌ మిమ్మల్ని అడిగింది ఇంట్రెస్ట్‌ ఉందా లేదా అని కాదు. ఆమె పని బోస్టన్‌లో ఇంటర్వ్యూ చేసే వ్యక్తి క్యాలెండర్‌లో ఖాళీ గంట ఒకటి వెతికి, దాన్ని మీ ఖాళీతో కలపడం. మీరు ‘ఎప్పుడైనా’ అన్నారంటే కలపాల్సిన రెండో కాగితం తెల్లగా వదిలేసినట్టే. అప్పుడు ఆమె బోస్టన్‌ వాళ్లకు వీలైన మధ్యాహ్నం మూడు గంటలకు ఫిక్స్‌ చేస్తుంది. మీకది అర్ధరాత్రి దాటాక పన్నెండున్నర. దానికి ఒప్పుకుంటే నిద్రమొహంతో కూర్చోవాలి, కాదంటే ‘ఎప్పుడైనా ఓకే అన్నారు కదా’ అని ఆమె అనుకుంటుంది. రెండూ మనకెందుకు?

ముందు రెండు ఊళ్లూ మేలుకుని ఉండే వేళ ఏదో తేల్చుకోండి. అక్టోబర్‌ ఆఖరి వారంలో బోస్టన్‌ కంటే హైదరాబాద్‌ తొమ్మిదిన్నర గంటలు ముందుంటుంది. అక్కడ ఉదయం తొమ్మిదికి ఆఫీసు మొదలయ్యేసరికి ఇక్కడ సాయంత్రం ఆరున్నర. అక్కడ సాయంత్రం ఐదయ్యేసరికి ఇక్కడ రాత్రి రెండున్నర. అంటే మీకు పనికొచ్చేది వాళ్ల ఉదయం పూట, మీ రాత్రి తొలి భాగం. ఇందులో మళ్లీ మీ ఆఫీసు ఏడింటికి అయిపోతుంది. ట్రాఫిక్‌లో పడి ఇంటికి చేరి, మొహం కడుక్కుని, ల్యాప్‌టాప్‌ తెరిచి కెమెరా, మైకు చూసుకునేసరికి ఎనిమిదిన్నర అనుకోండి. ఇంటి నుంచి పనిచేసే గురువారం ఏడున్నరకే కూర్చోగలరు. పదకొండున్నర దాటితే మనిషి మాట్లాడే తీరే మారిపోతుంది కాబట్టి చివరి హద్దు అక్కడ పెట్టుకోండి. పది గంటలకే నిద్ర ముంచుకొచ్చే మనిషైతే ఇంకా ముందే పెట్టుకోండి. ఇది మీ శరీరం సంగతి, మీకే తెలుస్తుంది.

ఇక్కడిదాకా తేలికే. మీ విషయంలో అసలు చిక్కు ఆమె ఇచ్చిన రెండు వారాల మధ్యలో కూర్చుని ఉంది.

మనకు గడియారం ఏడాది పొడుగునా ఒక్కటే. అమెరికాలో అలా కాదు. మార్చి రెండో ఆదివారం గంట ముందుకు జరుపుకుంటారు, నవంబర్‌ మొదటి ఆదివారం గంట వెనక్కి తిప్పుకుంటారు. 2026లో ఆ మొదటి ఆదివారం నవంబర్‌ 1. అంటే అక్టోబర్‌ 26తో మొదలయ్యే వారంలో మీకూ బోస్టన్‌కూ తేడా తొమ్మిదిన్నర గంటలు, నవంబర్‌ 2 వారంలో పదిన్నర గంటలు. మీరు రెండు వారాల్లోనూ ‘రాత్రి ఎనిమిదిన్నర’ అనే రాసినా, బోస్టన్‌లో అది మొదటి వారం ఉదయం పదకొండు, రెండో వారం ఉదయం పది అవుతుంది.

ఐర్లండ్‌ గడియారం కూడా కదులుతుంది, కానీ అదే రోజున కాదు. యూరప్‌లో తిప్పేది అక్టోబర్‌ చివరి ఆదివారం, ఈసారి 25న. కాబట్టి మీరు మెయిల్‌ పంపే రోజు డబ్లిన్‌ మీకంటే నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది, ఆదివారం నుంచి ఐదున్నర గంటలు వెనక ఉంటుంది. బోస్టన్‌కూ డబ్లిన్‌కూ మామూలుగా ఐదు గంటల తేడా. 25కీ నవంబర్‌ 1కీ మధ్య ఉన్న ఆ ఒక్క వారం నాలుగే గంటలు. ఏళ్ల తరబడి ఇదే పని చేస్తున్న రిక్రూటర్లు కూడా తడబడేది ఈ వారంలోనే. ‘బోస్టన్‌ అంటే మనకంటే ఐదు వెనక’ అని నోటి లెక్క వేసేస్తారు మరి.

మనవైపు జరిగే పొరపాటు ఇంకోలా ఉంటుంది. ఫోన్‌ తీసి ‘బోస్టన్‌లో టైమ్‌ ఎంత’ అని వెతుకుతాం. అది ఈరోజు తేడా చూపిస్తుంది. ఆ తేడానే పట్టుకుని రెండు వారాల తర్వాతి ఇంటర్వ్యూకి కూడా లెక్క కట్టేస్తాం. మీరు అక్టోబర్‌ 21న వెతికి, అదే లెక్కతో నవంబర్‌ 4కి ‘బోస్టన్‌ పదకొండు, హైదరాబాద్‌ ఎనిమిదిన్నర’ అని రాశారనుకోండి. ఆ రోజు బోస్టన్‌లో పదకొండయ్యేసరికి ఇక్కడ తొమ్మిదిన్నర అవుతుంది. మీరు గంట ముందే కూర్చుని, ఎవరూ రావట్లేదేమిటని చెమటలు పట్టించుకుంటారు. అందుకే తేదీ కూడా ఇచ్చి లెక్క చూసే చోట చూడండి. timeanddate.com సైట్లో మీటింగ్‌ ప్లానర్‌ ఉంది. అందులో రెండు ఊళ్లూ, ఇంటర్వ్యూ తేదీ ఇస్తే ఆ రోజు గంటలన్నీ పక్కపక్కన చూపిస్తుంది. ఒక్కో తేదీకి విడిగా చూడండి, ఒకసారి చూసి అన్నిటికీ వాడకండి.

ఇక రాసే తీరు. వాళ్ల టైము ముందు, మీది తర్వాత. ఫిక్స్‌ చేయాల్సిన మనిషి చూసేది బోస్టన్‌ క్యాలెండర్‌ కాబట్టి ఆమెకు లెక్క మిగల్చకూడదు. మీ టైము కూడా ఎందుకంటే, మీ లెక్కలో ఎక్కడైనా తప్పుంటే రెండూ పక్కపక్కన ఉన్నప్పుడే అది ఎవరి కంటికైనా పడుతుంది. మీరు చెప్పిన వివరాలను బట్టి నేనైతే ఈ నాలుగూ పంపుతాను. UTC పక్కనున్న అంకె, ప్రపంచమంతా ఒకటిగా లెక్కపెట్టే టైము కంటే ఆ ఊరు ఎన్ని గంటలు ముందో వెనకో చెప్తుంది:

```
Wed 28 Oct 2026: 11:00 AM Boston, UTC-4    = 8:30 PM Hyderabad, UTC+5:30
Thu 29 Oct 2026: 10:00 AM Boston, UTC-4    = 7:30 PM Hyderabad, UTC+5:30
Wed 4 Nov 2026:  10:00 AM Boston, UTC-5    = 8:30 PM Hyderabad, UTC+5:30
Thu 5 Nov 2026:  11:00 AM Boston, UTC-5    = 9:30 PM Hyderabad, UTC+5:30
```

మొదటి రెండు వరసల్లో మైనస్‌ నాలుగు, తర్వాతి రెండింటిలో మైనస్‌ ఐదు ఉన్నాయి చూడండి. గడియారం మారుతుందన్న సంగతి మీకు తెలుసని ఆమెకు అక్కడే అర్థమవుతుంది. వేరే వివరణ అక్కర్లేదు. అయినా అనుమానం తీరకపోతే కింద ఒక్క వాక్యం చేర్చండి, నవంబర్‌ 1న అమెరికాలో గడియారం మారడాన్ని లెక్కలోకి తీసుకున్నాను అని.

నెలను అంకెల్లో రాయలేదు, కావాలనే. మనమూ ఐర్లండ్‌ వాళ్లూ ముందు రోజు, తర్వాత నెల రాస్తాం. అమెరికా వాళ్లు ముందు నెల రాస్తారు. నవంబర్‌ 4ని 04/11 అని పెడితే బోస్టన్‌ మనిషికి అది ఏప్రిల్‌ 11. ఏప్రిల్‌లో ఇంటర్వ్యూ ఏమిటని నవ్వుకుని సర్దుకుంటారేమో గానీ, ఆ అవకాశం మాత్రం ఎందుకివ్వాలి? వారం పేరు రాయడమూ అందుకే. తేదీ తప్పు పడితే వారం దాన్ని పట్టిస్తుంది.

IST అని రాయలేదు, గమనించారా? మనకది ఒక్కటే. కానీ ఐర్లండ్‌లో వేసవి టైముకి కూడా ఇవే మూడక్షరాలు. మీ రిక్రూటర్‌ మెయిల్‌ చదివే అక్టోబర్‌ 22, 23 తేదీల్లో ఆమె ఆఫీసు గోడ మీద నడిచేది ఆ టైమే. మీరు బుధవారం 8:30 PM IST అని ఊరికే రాశారనుకోండి, ఆమె దాన్ని డబ్లిన్‌ ఎనిమిదిన్నర అనుకోవచ్చు. 28న డబ్లిన్‌లో రాత్రి ఎనిమిదిన్నర అంటే బోస్టన్‌లో సాయంత్రం నాలుగున్నర. అది వాళ్ల ఆఫీసు వేళే కాబట్టి ఎవరికీ ఎక్కడా తేడా కొట్టదు. మీకు మాత్రం అది గురువారం తెల్లవారుజాము రెండు గంటలు. ఊరి పేరు రాస్తే ఈ గొడవే ఉండదు. హైదరాబాద్‌కి బదులు ఇండియా అన్నా సరిపోతుంది, మన దేశమంతటికీ ఒకటే టైము కదా.

EST కూడా అంతే. మన ఆఫీసుల్లో అమెరికా తూర్పు టైముని ఏడాదంతా EST అనేయడం అలవాటు. నిజానికి ఆ పేరు చలికాలం టైముది, వేసవిది EDT. అక్టోబర్‌ 28కి ‘11 AM EST’ అని రాస్తే, అక్షరాలా తీసుకునే సాఫ్ట్‌వేర్‌ ఏదైనా దాన్ని బోస్టన్‌ మధ్యాహ్నం పన్నెండుగా మార్చొచ్చు. ‘బోస్టన్‌ టైమ్‌’ అని రాస్తే ఆ రోజు అక్కడ ఏది నడుస్తుంటే అదే. పక్కన పెట్టిన UTC అంకె దానికి సాక్ష్యం.

ఎన్ని ఇవ్వాలన్నదానికి నా లెక్క మూడు నుంచి ఐదు. ఒకటే ఇస్తే బేరమాడుతున్నట్టుంటుంది. పది ఇస్తే ఆ పది సాయంత్రాలూ మీరు ఖాళీగా ఉంచుకోవాలి, ఉంచుకోలేరు. నాలుగిచ్చినా అన్నీ ఒకే వేళలో పెట్టకండి. ఇంటర్వ్యూ చేసే మనిషికి రోజూ ఉదయం పదకొండుకి టీమ్‌ మీటింగ్‌ ఉందనుకోండి, నాలుగూ ఒకేసారి పోతాయి. పైన పదీ, పదకొండూ రెండూ ఉన్నది అందుకే. బోస్టన్‌ మధ్యాహ్నం పన్నెండుని కూడా వదిలేశాను. అది వాళ్ల భోజనం వేళ, పైగా పన్నెండు పక్కన AM రాయాలో PM రాయాలో చాలామందికి గుర్తుండదు. ఉదయం తొమ్మిది కూడా వద్దు. వాళ్లు కాఫీ కప్పు పట్టుకుని మెయిల్స్‌ చూసుకుంటూ ఉంటారు.

రోజుల ఎంపికలో ఒక సంగతి. సోమవారం పెట్టకపోవడం అనుకోకుండా జరిగింది కాదు. ఐర్లండ్‌లో అక్టోబర్‌ చివరి సోమవారం ప్రభుత్వ సెలవు, ఈసారి 26న. మీ రిక్రూటర్‌ శుక్రవారం సాయంత్రం వెళ్లిపోతే మళ్లీ మంగళవారం దాకా మెయిల్‌ చూడకపోవచ్చు. మంగళవారానికే స్లాట్‌ ఇస్తే అది ఆమె చూసేసరికి చేతిలో ఉండదు. బుధవారం అయితే ఒక రోజు ఊపిరి ఉంటుంది. అందుకే మీ జవాబు కూడా చివరి నిమిషం దాకా ఆపకండి. గురువారం మధ్యాహ్నం రెండింటికి పంపితే డబ్లిన్‌లో ఉదయం తొమ్మిదిన్నర, ఆమె ఇన్‌బాక్స్‌లో పైనే ఉంటుంది. ఆ రోజూ, శుక్రవారమూ రెండు పూర్తి రోజులు ఆమెకు దొరుకుతాయి.

టైముల కింద మూడు ముక్కలు చేర్చండి, మీ ఇంగ్లీషులో మీరే రాయండి. ఒకటి, అక్టోబర్‌ స్లాట్లు మంగళవారం 27 మధ్యాహ్నం డబ్లిన్‌ టైమ్‌ దాకా, నవంబర్‌వి శుక్రవారం 30 దాకా మీకోసం ఆపి ఉంచుతాను అని. రెండు, ఇవేవీ కుదరకపోతే బోస్టన్‌ ఉదయం పదకొండు నుంచి పన్నెండు లోపు మొదలయ్యే ఏ వారపు రోజైనా అడగండి, అదే రోజు చెప్తాను అని. ఇందులో కిటుకేమిటంటే, మీ హద్దులు ఆమెకు తెలిసిపోతాయి, మీరు కాదనకుండానే. మూడు, గంటకు మించి పట్టేలా ఉంటే ముందే చెప్పమని. గంట అని పిలిచి గంటన్నర సాగదీసే ఇంటర్వ్యూలు ఉంటాయి, తొమ్మిదిన్నరకు మొదలైతే ఆ అరగంట మీకు బరువే. రాత్రి పూట అవుతున్నందుకు క్షమాపణలూ, ఆఫీసు గురించి వివరణలూ వద్దు. మీరు ఎప్పుడు ఇంటికి చేరతారో ఆమెకు అనవసరం.

పంపగానే ఆ నాలుగు గంటలూ మీ సొంత ఫోన్‌ క్యాలెండర్‌లో బ్లాక్‌ చేసుకోండి. ఆఫీసు క్యాలెండర్‌లో మాత్రం పెట్టకండి, పెట్టినా ‘పర్సనల్‌’ అని చాలు. ఇంటర్వ్యూ అన్న మాట మేనేజర్‌ కంట పడి ఇరుకున పడ్డవాళ్లు ఉన్నారు.

ఆమె ఒకటి ఎంచుకుని క్యాలెండర్‌ ఇన్వైట్‌ పంపుతుంది. ఇక్కడ చాలామంది కళ్లు మూసుకుని ‘యెస్‌’ నొక్కేస్తారు. నొక్కేముందు మీ ఫోన్లో అది ఎన్ని గంటలకు కనిపిస్తోందో చూడండి. ఇన్వైట్‌ లోపల టైమ్‌ జోన్‌ కూడా దాగి ఉంటుంది, మీ క్యాలెండర్‌ దాన్ని మన టైములోకి మార్చి చూపిస్తుంది. నవంబర్‌ 4కి ఒప్పుకున్నారనుకోండి, అక్కడ 8:30 PM కనిపించాలి. ఏడున్నర కనిపిస్తే, ఎవరో పాత తేడాతో చేత్తో లెక్కకట్టారని అర్థం. తెల్లారి రెండు కనిపిస్తే, ఎనిమిదిన్నరను డబ్లిన్‌ టైము అనుకున్నారని అర్థం. అప్పుడు ‘నో’ నొక్కకండి, అది రాలేనని చెప్పినట్టవుతుంది. అదే మెయిల్‌కి జవాబుగా ఒక్క వరస రాయండి: ఇన్వైట్‌ నాకు ఫలానా టైముకి కనిపిస్తోంది, మనం అనుకున్నది బోస్టన్‌ ఉదయం పది, హైదరాబాద్‌ రాత్రి ఎనిమిదిన్నర, దయచేసి సరిచూడండి అని. తప్పు ఎవరిదో రాయక్కర్లేదు.

అయితే దానికి ముందు మీ వైపు సెట్టింగ్‌ సరిగ్గా ఉందో చూసుకోవాలి. క్లయింట్‌ కోసం ల్యాప్‌టాప్‌ని అమెరికా టైములో పెట్టుకుని పనిచేసేవాళ్లు మన దగ్గర ఎందరో. అందులో ఇన్వైట్‌ తెరిస్తే 10:00 AM అనే కనిపిస్తుంది, ‘అదేంటి, పొద్దున్నా?’ అని కంగారు పడతారు. గూగుల్‌ క్యాలెండర్‌లో అయితే టైమ్‌ జోన్‌ దగ్గర India Standard Time - Kolkata అనీ, విండోస్‌లో అయితే (UTC+05:30) Chennai, Kolkata, Mumbai, New Delhi అనీ ఉండాలి. హైదరాబాద్‌ పేరు ఆ జాబితాలో లేదని వెతుక్కోకండి, అదే మనది.

కొన్ని కంపెనీలు టైములు అడగకుండా ఒక బుకింగ్‌ లింక్‌ పంపుతాయి. దాంట్లో మీ కంప్యూటర్‌ ఏ టైములో ఉంటే స్లాట్లు ఆ టైములోనే కనిపిస్తాయి. పేజీలో టైమ్‌ జోన్‌ పేరు ఎక్కడో చిన్నగా రాసి ఉంటుంది, గంట ఎంచుకునే ముందు దాన్ని చదవండి. అంతకంటే చేయాల్సింది లేదు.

ఈ రౌండ్‌ దాటితే తర్వాతిది బహుశా ముగ్గురు నలుగురితో వరసగా ఉంటుంది. అప్పుడు విడివిడి గంటలు ఇస్తే ఎవరికీ కుదరవు. ‘నవంబర్‌ 12 గురువారం, బోస్టన్‌ ఉదయం తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర, హైదరాబాద్‌ రాత్రి ఎనిమిది నుంచి పదకొండు’ అన్నట్టు మూడేసి గంటల నిడివి రెండు మూడు రోజులకు ఇవ్వండి, వాళ్లు అందులో సర్దుకుంటారు. అంత పొడుగు కుదరదంటే రెండు రోజులకు విడదీయమని అడగండి. అర్ధరాత్రి దాకా కూర్చోలేని దూరంలో ఉన్నవాళ్లు అలా అడగడం వాళ్లకు కొత్త కాదు. నవంబర్‌ 2 తర్వాత తేడా పదిన్నర గంటల దగ్గరే ఉండిపోతుంది, మళ్లీ మార్చి దాకా మారదు.